పట్టికలు చదివే సాఫ్ట్‌వేర్‌కు మార్కులు వేయడం ఎలా? పాఠ్య కచ్చితత్వం, టెడ్స్, గ్రిట్స్‌లలో ఏది ఎప్పుడు

స్కాన్ చేసిన పత్రాల నుంచి పట్టికలను తీసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ కొనాలనుకునేవారికి మొదట కనిపించేది ఒక శాతం. "మా కచ్చితత్వం 99 శాతం" అంటారు. చాలాసార్లు అది అక్షరాల లెక్క: కాగితం మీద ఉన్న అక్షరాల్లో ఎన్ని సరిగ్గా వచ్చాయన్నదే. నవలకైతే ఆ లెక్క చాలు. పట్టికకు చాలదు. పట్టికలో "41" అనే అంకెకు సొంతంగా అర్థం లేదు. అది ఏ వరుసలో, ఏ శీర్షిక కింద ఉందో తెలిస్తేనే దానికి విలువ. అంకె చెక్కుచెదరకుండా వచ్చి పక్క శీర్షిక కిందకు జరిగితే అక్షరాల లెక్కకు ఆ తప్పు అసలు కనిపించదు.

పట్టిక నిర్మాణాన్ని గుర్తించే పనిని కొలవడానికి ఈ రంగంలో ఉన్నవారు వాడే పద్ధతులు ముఖ్యంగా మూడు: పొరుగు సంబంధాల లెక్క, టెడ్స్, గ్రిట్స్. మూడింటినీ ఒకే చిన్న పట్టిక మీద నడిపి చూస్తే వాటి బలాలూ గుడ్డిచోట్లూ వెంటనే బయటపడతాయి. అందుకే నిర్వచనాలు పక్కన పెట్టి నేరుగా పట్టికతోనే మొదలుపెడుతున్నాను.

పరీక్ష పట్టిక

వరి సాగు వివరాల పట్టిక ఒకటి అనుకుందాం. జిల్లాల పేర్లు నిజమైనవే కానీ అంకెలు ఉదాహరణ కోసం వేసినవి. సరైన జవాబు ఇది:

```html
<table>
<thead>
<tr><td rowspan="2">జిల్లా</td><td colspan="2">ఖరీఫ్</td><td colspan="2">రబీ</td></tr>
<tr><td>విస్తీర్ణం</td><td>దిగుబడి</td><td>విస్తీర్ణం</td><td>దిగుబడి</td></tr>
</thead>
<tbody>
<tr><td>శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు</td><td>61</td><td>52</td><td>204</td><td>58</td></tr>
<tr><td>ప్రకాశం</td><td></td><td></td><td>41</td><td>55</td></tr>
<tr><td>బాపట్ల</td><td>97</td><td>54</td><td>33</td><td>57</td></tr>
</tbody>
</table>
```

పై రెండు వరుసలూ శీర్షికలు. "ఖరీఫ్", "రబీ" అనేవి రెండేసి కాలమ్‌ల మీద పరుచుకున్న గళ్లు. "జిల్లా" రెండు వరుసల ఎత్తు ఉన్న గడి. ప్రకాశం వరుసలో ఖరీఫ్ గళ్లు రెండూ ఖాళీ. మొత్తం గళ్లు 22. గళ్ల చట్రం మాత్రం అయిదు వరుసలు, అయిదు కాలమ్‌లు, అంటే 25 స్థానాలు.

ఈ పట్టికను చదివిన సాఫ్ట్‌వేర్ అయిదు రకాలుగా తేడా చేసిందనుకుందాం. అయిదూ నిజంగా తరచూ ఎదురయ్యేవే.

మొదటిది: "ఖరీఫ్" గడి పరుపు పోయింది. అది ఒక్క కాలమ్‌కే కుదించుకుపోయి, పక్కన ఒక ఖాళీ గడి పుట్టింది. దాంతో ఖరీఫ్ దిగుబడి కాలమ్‌కు పైన ఏ సీజనూ లేకుండా పోయింది.

రెండోది: ప్రకాశం వరుసలోని రెండు ఖాళీ గళ్లను సాఫ్ట్‌వేర్ వదిలేసింది. వరుస ఇలా వచ్చింది:

```html
<tr><td>ప్రకాశం</td><td>41</td><td>55</td></tr>
```

దీన్ని బ్రౌజర్‌లో తెరిస్తే 41, 55 అంకెలు ఖరీఫ్ కింద కూర్చుంటాయి. రబీలో పండిన పంట ఖరీఫ్ ఖాతాలోకి పోయింది.

మూడోది: ప్రకాశం, బాపట్ల మధ్య గీత లేకపోవడంతో రెండు వరుసలూ ఒకటయ్యాయి. మొదటి గడిలో "ప్రకాశం బాపట్ల", తర్వాత 97, 54, ఆపైన "41 33", "55 57" వచ్చాయి.

నాలుగోది: నెల్లూరు జిల్లా పేరు కాగితం మీద రెండు లైన్లలో ఉంది. రెండో లైనును సాఫ్ట్‌వేర్ కొత్త వరుసగా భావించింది. "శ్రీ పొట్టి శ్రీరాములు" పక్కన నాలుగు అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. దాని కింద "నెల్లూరు", నాలుగు ఖాళీ గళ్లతో మరో వరుస పుట్టింది.

అయిదోది: పట్టికంతా సరిగ్గానే వచ్చింది. కాకపోతే `thead`, `tbody` అనే రెండు చుట్టలను సాఫ్ట్‌వేర్ రాయలేదు. చదివేవారికి ఏ తేడా లేదు.

అక్షరాల లెక్క ఏమంటుంది

మొదటి, రెండో, అయిదో తేడాల్లో అక్షరాల దోష శాతం సున్నా. ఖాళీ గడిలో అక్షరమే లేదు కాబట్టి అది పోయినా, కొత్తగా పుట్టినా లెక్క మారదు. గళ్లను వరుసగా చదివితే వచ్చే పదాల క్రమం మూడింటిలోనూ అసలు పట్టికలో ఉన్నట్టే ఉంటుంది. మూడో, నాలుగో తేడాల్లో క్రమం కొంత మారుతుంది. కానీ క్రమం పట్టించుకోకుండా "ఎన్ని పదాలు దొరికాయి" అని లెక్కించే పద్ధతిలో అవి కూడా నూటికి నూరు తెచ్చుకుంటాయి.

అంటే ప్రకాశం రబీ పంటను ఖరీఫ్‌లో వేసిన పట్టికా, ఏ లోపమూ లేని పట్టికా ఈ కొలత దృష్టిలో ఒకటే. అక్షరాల నమూనాను ఎంత మెరుగుపరిచినా ఈ లోపం పోదు. పాఠ్య కచ్చితత్వం గీతలను, పరుపులను, ఖాళీలను చూడదు. పట్టికలో సగం సమాచారం ఉండేది వాటిలోనే.

పాఠ్య కచ్చితత్వం సరిపోయే సందర్భం ఒకటుంది. పత్రాల్లో ఒక పేరో పదమో ఎక్కడుందో వెతికితే చాలు, అంకెలను బయటకు తీయక్కర్లేదు అనుకుంటే ఈ లెక్క చాలు. మిగతా వాటికి ముందుకు వెళ్లాలి.

పొరుగు సంబంధాలు

పాత పద్ధతి ఇది. పత్రాల విశ్లేషణ మీద జరిగే ఐసీడార్ సదస్సులో 2013లో పెట్టిన పట్టికల పోటీలో దీన్నే వాడారు. పాఠ్యం ఉన్న ప్రతి గడికీ కుడిపక్క, కిందపక్క ఉన్న దగ్గరి గడి ఏదో ఒక జాబితా రాస్తారు. ఖాళీ గళ్లకు సంబంధాలు రాయరు. సరైన పట్టిక జాబితానూ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పట్టిక జాబితానూ పక్కపక్కన పెట్టి ఎన్ని కలిశాయో చూస్తారు. 2019లో జరిగిన పోటీలో గళ్ల పెట్టెలు ఎంతమేరకు ఒకదానిపై ఒకటి సరిపోతున్నాయన్న షరతునూ దీనికి జోడించారు.

మన పట్టికలో ఖాళీలను దాటుకుంటూ లెక్కేస్తే అడ్డంగా 16, నిలువుగా 17, మొత్తం 33 సంబంధాలు. రెండో తేడాలో అడ్డంగా అన్నీ కలుస్తాయి. ప్రకాశం పక్కన 41, దాని పక్కన 55 అనేది మారలేదు కదా. నిలువుగా మాత్రం ఆరు తెగిపోతాయి. 33లో 27, అంటే 0.82. ఈ తప్పును గట్టిగానే పట్టుకుంది.

మొదటి తేడాలో తెగేది ఒక్కటే: "ఖరీఫ్" నుంచి దాని కింద ఉండాల్సిన మొదటి "దిగుబడి"కి ఉన్న లంకె. కలిసిన 32ను రెట్టింపు చేసి రెండు జాబితాల మొత్తం 65తో భాగిస్తే స్కోరు 0.985. ఖరీఫ్ దిగుబడి కాలమ్ మొత్తం అనాథ అయినా ఈ కొలతకు అది దాదాపు పట్టలేదు. ఈ పద్ధతి ఆనుకున్న గడిని మాత్రమే చూస్తుంది. శీర్షిక ప్రభావం కిందదాకా పాకుతుందన్నది దీనికి తెలియదు. పాత ఫలితాలతో పోల్చుకోవాల్సి వస్తే తప్ప కొత్తగా మొదలుపెట్టేవారికి దీన్ని నేను సూచించను.

టెడ్స్: చెట్టుగా చూసే కొలత

ఐబీఎం పరిశోధకులు పబ్‌ట్యాబ్‌నెట్ అనే డేటాసెట్‌తో పాటు దీన్ని ప్రతిపాదించారు. ఆ పత్రం 2020లో కంప్యూటర్ విజన్ రంగానికి చెందిన ఈసీసీవీ సదస్సులో వచ్చింది. వైద్య పరిశోధనా వ్యాసాల నుంచి తీసిన 5 లక్షల 68 వేల పట్టికల బొమ్మలు అందులో ఉన్నాయి. ఈరోజు పట్టికల మీద వచ్చే ఫలితాల్లో ఎక్కువగా కనిపించే పేరు ఇదే.

ఆలోచన సులువైనది. హెచ్‌టీఎంఎల్ పట్టిక ఒక చెట్టు. `table` కింద `thead`, `tbody`, వాటి కింద `tr`, దాని కింద `td`. వీటిలో ఒక్కోటి ఒక నోడు. ఒక చెట్టును రెండో చెట్టుగా మార్చడానికి కనీసం ఎంత ఖర్చవుతుందో లెక్కిస్తారు. ఒక నోడును తీసేయడానికీ కొత్తగా పెట్టడానికీ ఖర్చు 1. రెండు గళ్లను జత చేసినప్పుడు వాటి పరుపును చెప్పే `colspan` లేదా `rowspan` తేడాగా ఉంటే ఖర్చు 1. అవి సమానమైతే లోపలి పాఠ్యం ఎంత తేడాగా ఉందో ఆ మేరకు సున్నాకూ ఒకటికీ మధ్య ఖర్చు.

```
TEDS = 1 - EditDist(T1, T2) / max(|T1|, |T2|)
```

మన పట్టికలో నోడ్లు: `table` 1, `thead` 1, `tbody` 1, `tr` 5, `td` 22. మొత్తం 30.

మొదటి తేడాలో ఖర్చు 2: పరుపు మారినందుకు ఒకటి, ఖాళీ గడి కొత్తగా పుట్టినందుకు ఒకటి. పెద్ద చెట్టులో నోడ్లు 31. స్కోరు 1 - 2/31, అంటే 0.935.

రెండో తేడాలో కూడా ఖర్చు 2. పోయిన రెండు ఖాళీ గళ్లను తిరిగి పెడితే చాలు, మిగతావన్నీ కలిసిపోతాయి. స్కోరు 1 - 2/30, అంటే 0.933.

అయిదో తేడాలో పోయినవి `thead`, `tbody`. ఖర్చు 2. స్కోరు 0.933.

ఇక్కడ కొంచెం ఆగాలి. రబీని ఖరీఫ్‌గా మార్చేసిన పట్టికకూ ఏ తప్పూ లేని పట్టికకూ టెడ్స్ ఒకే మార్కు వేసింది. కారణం ఈ కొలత కట్టుబడిలోనే ఉంది. చెట్టులో వరుసకు ఒక నోడు ఉంది కానీ కాలమ్‌కు నోడు లేదు. గడి ఏ కాలమ్‌లో ఉందన్నది టెడ్స్‌కు నేరుగా తెలియదు. ఆ వరుసలో దానికి ముందు ఎన్ని గళ్లు ఉన్నాయన్నదే తెలుసు. అందుకే నడుమ రెండు గళ్లు పోతే ఆ రెండింటికే ఖర్చు వేస్తుంది. వాటి కుడివైపున ఉన్నవన్నీ ఎడమకు జరిగిపోయిన సంగతికి ఖర్చు వేయదు.

మూడో తేడాలో ఒక `tr`, అయిదు `td` పోయాయి. అది 6. కలిసిపోయిన పాఠ్యాలకు మరో 1.8 దాకా. స్కోరు సుమారు 0.74. వరుసలు అతుక్కుపోయిన తప్పును టెడ్స్ బాగా పట్టుకుంటుంది, ఈ విషయంలో దాన్ని నమ్మవచ్చు. నాలుగో తేడాలో కొత్త వరుసకు 6, సగమైన పేరుకు ఇంకొంచెం. పెద్ద చెట్టులో 36 నోడ్లు. స్కోరు సుమారు 0.825.

ఇప్పుడు రెండో, నాలుగో తేడాలను పోల్చండి. నాలుగోది కంటికి కనిపించే తప్పు. మొదటి గడిలో పదం ఉండి మిగతా నాలుగూ ఖాళీగా ఉన్న వరుసను చూడగానే ఎవరైనా అనుమానిస్తారు. పైవరుసతో కలపమని ఒక చిన్న నియమం రాసినా సరిపోతుంది. అంకెలన్నీ తమ చోటే ఉన్నాయి. రెండోది అలా కాదు, చూడడానికి చక్కగా ఉంటుంది. విస్తీర్ణం కింద విస్తీర్ణమే, దిగుబడి కింద దిగుబడే ఉన్నాయి, సీజన్ ఒక్కటే తప్పు. మూల పత్రం పక్కన పెట్టుకుంటే తప్ప దొరకదు. టెడ్స్ మాత్రం దొరికే తప్పుకు 0.825, దొరకని తప్పుకు 0.933 వేసింది.

టెడ్స్‌లో పాఠ్యాన్ని వదిలి నిర్మాణాన్నే చూసే రూపం ఒకటుంది. తప్పు అక్షరాలు చదవడంలో వచ్చిందా, గళ్లు గుర్తించడంలో వచ్చిందా అని విడదీయడానికి అది పనికొస్తుంది. దాన్ని ఒంటరిగా వాడితే మాత్రం ప్రమాదం. కొన్ని సాఫ్ట్‌వేర్లు పొట్టి వరుసను చివర ఖాళీ గళ్లతో నింపి సమానం చేస్తాయి. ప్రకాశం వరుసను అలా నింపితే గళ్ల సంఖ్య సరిపోతుంది. అప్పుడు నిర్మాణ టెడ్స్ స్కోరు 1.0. పాఠ్యం కూడా చూసే టెడ్స్ 0.867 ఇస్తుంది. ఒకరు నిర్మాణ స్కోరు మాత్రమే చూపిస్తుంటే రెండోది కూడా అడగండి.

గ్రిట్స్: చట్రంగా చూసే కొలత

మైక్రోసాఫ్ట్‌లో బ్రాండన్ స్మాక్, ఆయన సహచరులు 2022లో దీన్ని ముందుకు తెచ్చారు. పట్టికను చెట్టుగా కాకుండా నిలువు, అడ్డం రెండూ సమానమైన చట్రంగానే చూడాలన్నది దీని మూలసూత్రం. పరచుకున్న గడి అది ఆక్రమించిన ప్రతి స్థానంలోనూ ఉన్నట్టే లెక్క. "ఖరీఫ్" రెండు స్థానాల్లో ఉంటుంది, "జిల్లా" రెండు స్థానాల్లో ఉంటుంది. రెండు చట్రాల్లో ఒకదానికొకటి ఎక్కువగా సరిపోయే వరుసలనూ కాలమ్‌లనూ జత చేసి, స్థానం వెంట స్థానం పోలికను కూడి, దాన్ని రెట్టింపు చేసి, రెండు చట్రాల మొత్తం స్థానాలతో భాగిస్తారు. కచ్చితమైన జతను వెతకడం కంప్యూటర్‌కు చాలా భారమైన లెక్క కాబట్టి, వరుసలను, కాలమ్‌లను విడివిడిగా జత చేసే దగ్గరదారిని వాడతారు.

ఏ పోలికను చూస్తామన్న దాన్నిబట్టి దీనికి మూడు రూపాలు. గడి పరుపును చూసేది `GriTS_Top`, పాఠ్యాన్ని చూసేది `GriTS_Con`, బొమ్మలో గడి పెట్టె ఎక్కడుందో చూసేది `GriTS_Loc`. పాఠ్యాన్ని చూసే రూపంతో మన అయిదు తేడాలనూ లెక్కేస్తే, టెడ్స్ పక్కన ఇలా ఉంటుంది:

| తేడా | టెడ్స్ | గ్రిట్స్, పాఠ్య రూపం |
|---|---|---|
| ఖరీఫ్ పరుపు పోవడం | 0.935 | 0.96 |
| ఖాళీలు పోయి అంకెలు జరగడం | 0.933 | 0.84 |
| రెండు వరుసలు అతుక్కోవడం | 0.74 | 0.83 |
| పేరు రెండు వరుసలుగా చీలడం | 0.825 | 0.90 |
| చుట్టలు రాయకపోవడం | 0.933 | 1.0 |

రెండో తేడాలో నాలుగు స్థానాలు తప్పాయి: ఖాళీ ఉండాల్సిన రెండు చోట్ల అంకెలు, అంకెలు ఉండాల్సిన రెండు చోట్ల ఖాళీలు. 25లో 21, అంటే 0.84. అయిదో తేడాకు పూర్తి మార్కులు. టెడ్స్ విడదీయలేకపోయిన రెండు పట్టికలను గ్రిట్స్ విడదీసింది. చీలిన పేరు కన్నా జరిగిన అంకెలకే తక్కువ వేసింది. అంకెలు డేటాబేస్‌లోకి వెళ్లే పనైతే నేను టెడ్స్ కన్నా దీన్నే ముందు పెడతాను.

అయితే మొదటి తేడాకు వచ్చిన 0.96ను చూడండి. చట్రంలో తప్పిన స్థానం ఒక్కటే కాబట్టి అంత ఎక్కువ వచ్చింది. పట్టిక పెద్దదైనకొద్దీ ఈ తప్పు ఇంకా కరిగిపోతుంది. అవే శీర్షికలతో 40 జిల్లాల పట్టిక, అన్ని గళ్లూ నిండి ఉన్నాయనుకుందాం. ఖరీఫ్ పరుపు పోతే టెడ్స్ 0.992, గ్రిట్స్ 0.995. నలభై జిల్లాల ఖరీఫ్ దిగుబడి ఏ సీజన్‌దో చెప్పలేని పట్టికకు 99 పైన మార్కులు! రెండు కొలతలకూ ప్రతి గడీ సమానమే. నలభై అంకెలకు పేరు పెట్టే శీర్షిక గడికీ మూలన ఉన్న ఒక అంకెకూ ఒకే బరువు. ఈ లోపాన్ని రెండింటిలో ఏదీ పూడ్చలేదు.

దాన్ని పూడ్చే చిన్న లెక్క

ఇందుకు పేరున్న కొలతేమీ అక్కర్లేదు. పట్టికలోని ప్రతి అంకెనూ దాని పూర్తి చిరునామాతో ఒక వాక్యంగా విప్పండి:

```
(ప్రకాశం, రబీ, విస్తీర్ణం) → 41
(ప్రకాశం, రబీ, దిగుబడి) → 55
```

సరైన పట్టిక నుంచీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పట్టిక నుంచీ ఇలా విప్పి, ఎన్ని వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా కలిశాయో చూడండి. మన చిన్న పట్టికలో పది అంకెలు ఉన్నాయి. రెండో తేడాలో ప్రకాశానివి రెండు తప్పుతాయి, 0.8. మొదటి తేడాలో నెల్లూరు, బాపట్ల ఖరీఫ్ దిగుబడులు రెండు తప్పుతాయి, అదీ 0.8. అయిదో తేడాకు 1.0. నలభై జిల్లాల పట్టికలో 160 అంకెలకు 40 తప్పుతాయి, స్కోరు 0.75. శీర్షిక బరువెంతో ఇప్పుడు కనిపించింది.

దీనికీ పరిమితి ఉంది. ఏ వరుసలు శీర్షికలో, ఏ కాలమ్ పేర్లదో మీరు ముందే చెప్పాలి. కాబట్టి ఒకే నమూనాలో నెలనెలా వచ్చే పట్టికలకు ఇది బాగా కుదురుతుంది. వంద రకాల పట్టికలు కలిసి వచ్చేచోట శీర్షికలు చేత్తో గుర్తించడమే పెద్ద పని అవుతుంది. చీలిన పేరు విషయంలో కఠినంగా కూడా ఉంటుంది. "శ్రీ పొట్టి శ్రీరాములు" ఒక్కటే ఉంటే నెల్లూరువి నాలుగూ తప్పే అంటుంది. చీలిన వరుసలను కలిపే నియమాన్ని ముందు నడిపి, ఆ తర్వాత లెక్కించడం న్యాయం.

ఎవరికి ఏది

కొత్త నమూనా తయారుచేసి ప్రచురితమైన ఫలితాలతో పోల్చుకోవాలంటే టెడ్స్ తప్పదు. అందరూ దాన్నే ఇస్తారు కాబట్టి. దాని పక్కన నిర్మాణ టెడ్స్ ఇవ్వండి. సగటు ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా, పరచుకున్న గళ్లు లేని పట్టికలకూ ఉన్న పట్టికలకూ విడివిడిగా స్కోరు ఇవ్వండి. పబ్‌ట్యాబ్‌నెట్ పత్రం కూడా అలాగే విడదీసింది. మామూలు పట్టికల సంఖ్య ఎక్కువైతే సగటులో కష్టమైన వాటి వైఫల్యం మునిగిపోతుంది.

అంకెలు తీసి లెక్కలకు వాడే కార్యాలయాలకు, ఖాతాలు చూసేవారికి గ్రిట్స్ పాఠ్య రూపం ఒకటి, విప్పిన వాక్యాల లెక్క ఒకటి చాలు. వీటికి తోడు ఏ తేడా లేకుండా వచ్చిన పట్టికలు నూటికి ఎన్ని అన్న సంఖ్య కూడా తీసుకోండి. మనిషి తిరిగి చూడాల్సిన పట్టికలు ఎన్నో చెప్పేది అదే. ఉద్యోగుల సమయాన్ని అంచనా వేయడానికి సగటు స్కోరు పనికిరాదు, ఈ సంఖ్య పనికొస్తుంది.

తెర మీద మూల పత్రంలోని గడిని రంగుతో గుర్తించి చూపాల్సిన పనైతే గ్రిట్స్ పెట్టెల రూపం అవసరం. మిగతావారు దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ మార్క్‌డౌన్‌లో మాత్రమే పట్టిక ఇస్తుంటే ఒక విషయం గమనించాలి. మామూలు మార్క్‌డౌన్ పట్టికలో పరచుకున్న గడి రాసే వీలే లేదు. అలాంటి సాఫ్ట్‌వేర్ ప్రతి కలిపిన గడి దగ్గరా మార్కులు పోగొట్టుకుంటుంది, అది దాని చదువు లోపం కాకపోయినా సరే. మీ పత్రాల్లో రెండంతస్తుల శీర్షికలు ఉంటే హెచ్‌టీఎంఎల్ ఇచ్చేదాన్నే పోలికకు తీసుకోండి.

స్కోరు వేసే ముందు

కొలత ఎంత మంచిదైనా, పోల్చే రెండు పట్టికలనూ ముందు ఒకే తీరుకు తేకపోతే మార్కులు అబద్ధం చెబుతాయి. `th`లన్నీ `td`లుగా మార్చండి. `thead`, `tbody` రెండువైపులా ఉంచండి, లేదా రెండువైపులా తీసేయండి. మన అయిదో తేడా దీంతో మాయమవుతుంది. తెలుగు పాఠ్యంలో ఇంకో చిక్కుంది. "మహబూబ్‌నగర్" లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. ఒకవైపు అది ఉండి రెండోవైపు లేకపోతే తెర మీద పేరు దాదాపు ఒకేలా కనిపించినా, లేదా "బ్న" ఒత్తుగా మారినా, కొలతకు అది అక్షర దోషమే. దాన్ని రెండువైపులా తొలగించి పోల్చండి. ఖాళీకి బదులు కొన్ని పత్రాలు అడ్డగీత వేస్తాయి, కొన్ని చుక్కలు పెడతాయి. అవన్నీ ఒకటేనా కాదా అన్నది మీరే నిర్ణయించాలి. గణాంకాల పత్రాల్లో "లెక్క లేదు", "సున్నా" అనేవి వేర్వేరు విషయాలు కాబట్టి కళ్లు మూసుకుని కలపకండి.

చివరిగా సరైన జవాబు పట్టిక సంగతి. "జిల్లా" అనే గడిని నేను రెండు వరుసల ఎత్తుగా రాశాను. ఇంకొకరు దాన్ని పైవరుసలోనే ఉంచి, కింద ఒక ఖాళీ గడి పెట్టి ఉండవచ్చు. కాగితం మీద గీత లేకపోతే రెండూ సమర్థించదగినవే. కానీ ఈ అభిప్రాయభేదానికి టెడ్స్‌లో 0.935, గ్రిట్స్‌లో 0.96 వస్తాయి. ఖరీఫ్ పరుపు పోయిన నిజమైన తప్పుకు వచ్చినవీ అవే. పేరున్న డేటాసెట్లలోనూ ఈ గందరగోళం ఉంది. గ్రిట్స్ రూపొందించిన బృందమే 2023లో డేటాసెట్ల మధ్య ఇలాంటి అసమానతలను సరిచేసే పని మీద విడిగా ఒక పత్రం రాసింది. మీరు సొంతంగా జవాబు పట్టికలు తయారుచేయిస్తుంటే, శీర్షికల్లోని ఖాళీ గడిని పక్కదానితో కలపాలా వద్దా అన్న నియమాన్ని మొదటి పట్టిక మొదలుపెట్టకముందే రాసి అందరికీ ఇవ్వండి. ఇద్దరి చేత కొన్ని పట్టికలను విడివిడిగా గుర్తింపజేసి, వారిద్దరి మధ్య గ్రిట్స్ ఎంత వస్తుందో చూడండి. ఏ సాఫ్ట్‌వేర్ స్కోరైనా ఆ సంఖ్యను దాటిందంటే, దాటిన ఆ భాగం మీ నియమాల్లోని సందిగ్ధతను కొలుస్తోందే తప్ప సాఫ్ట్‌వేర్ ప్రతిభను కాదు.